కుడికాలు మోస్తోంది... ఎడమకాలు తప్పించుకుంటోంది!

*రాడ్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేస్తుంటే నడుం ఒక పక్కకు జారుతుంది. చేసేవాడికి తెలియదు, ఎదురుగా ఉన్న అద్దమూ చెప్పదు. వెనక నిలబడ్డవాళ్లకే కనిపిస్తుంది. జిమ్‌లో 'హిప్ షిఫ్ట్' అని పిలిచే ఈ జారుడు వెనక చాలాసార్లు రెండు కాళ్ల బలాల్లోని తేడా ఉంటుంది. సిద్దిపేటలో ఓ కుర్రాడి తొంభై కిలోల బరువు చెప్పిన కథ ఇది.*

పొద్దున్నే ఆరు గంటలు. సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద నడిచేవాళ్లు నడుస్తున్నారు, పరుగెత్తేవాళ్లు పరుగెత్తుతున్నారు. ఊళ్లోనే ఓ చిన్న జిమ్‌లో మాత్రం ఇనుప ప్లేట్ల చప్పుడు అప్పటికే మొదలైంది. ఎరువుల దుకాణంలో పనిచేసే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు రాడ్ కిందికి దూరి, దాన్ని మెడ కింద కండ మీద సర్దుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు. రాడ్, ప్లేట్లు కలిపి తొంభై కిలోలు. ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు, లేచాడు. రెండోసారి కూడా లేచాడు. మూడోసారి సగం లేచాక కాస్త ఆగినట్టయి, మళ్లీ కదిలి పైకి వచ్చేశాడు.

వెనక నిలబడ్డ స్నేహితుడు అప్పుడన్నాడు: "అన్నా, లేచేటప్పుడు నీ నడుం కుడిదిక్కు పోతుంది, సూసుకున్నవా?"

చూసుకోలేదు. ఆ మాటకొస్తే నమ్మనూ లేదు. స్నేహితుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి చూపించేదాకా తను తిన్నగానే కూర్చుని తిన్నగానే లేస్తున్నానని అతని నమ్మకం. వీడియోలో కనిపించింది వేరు. కిందికి దిగేటప్పుడు నడుం మధ్యలోనే ఉంది. అడుగు నుంచి లేచి, తొడలు నేలకు సమాంతరం దాటి కాస్త పైకి వచ్చే చోట మాత్రం నడుం మొత్తం కుడివైపు జరిగింది. పూర్తిగా నిలబడేసరికి మళ్లీ ఏమీ ఎరగనట్టు మధ్యకు వచ్చేసింది.

కొన్నాళ్లుగా నడుం కుడిపక్క పట్టేసినట్టు ఉంటోందని అతనికి గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఆ నెపం దుకాణంలో మోసే యూరియా బస్తాల మీద వేశాడు.

ఇద్దరు మోసే బొంగు

బరువుతో గుంజీలు తీయడమే స్క్వాట్. పాత తాలీంఖానాల్లో పహిల్వాన్లు వందల కొద్దీ తీసిన బైఠక్‌లకు ఇది దగ్గరి చుట్టమే. తేడా అల్లా బరువులోనే ఉంది. ఒట్టి ఒంటితో తీసే బైఠక్‌లో కాళ్ల మధ్య బలం తేడా ఉన్నా బయటపడదు. భుజాల మీద బరువు ఎక్కాకే బయటపడుతుంది. ఎందుకో అర్థం కావాలంటే జిమ్ వదిలి ఒక్కసారి పెళ్లింటికి వెళ్లాలి.

నీళ్లు నింపిన పెద్ద గంగాళాన్ని బొంగుకు వేలాడదీసి ఇద్దరు మోసుకొస్తున్నారు అనుకోండి. గంగాళం సరిగ్గా మధ్యలో ఉంటే ఇద్దరి భుజాల మీదా సమానంగా బరువు పడుతుంది. ఒకడు అలసిపోయాడు. రెండోవాడు జాలిపడి గంగాళాన్ని తనవైపు జానెడు జరుపుకున్నాడు. మొత్తం బరువు తగ్గలేదు. అలసినవాడి వాటా తగ్గింది, గట్టివాడి వాటా పెరిగింది.

స్క్వాట్‌లో జరిగేదీ అచ్చంగా ఇదే. రెండు పాదాలే ఆ ఇద్దరు మనుషులు. గంగాళం అంటే మన ఒళ్లు, దాని మీదున్న రాడ్. ఎడమకాలు "ఇక నా వల్ల కాదు" అనగానే ఒళ్లు ఆ భారాన్ని కుడిపాదం వైపు జరుపుతుంది. అలా జరపడానికి అన్నిటికంటే సులువైన దారి నడుమును పక్కకు తోయడం. అందుకే నడుం బలమైన కాలి వైపు జారుతుంది. మనం ఆలోచించి చేసే పని కాదిది. బరువు కింద నలిగిపోకుండా లేవడానికి ఒళ్లు తనంతట తాను వెతుక్కునే ఉపాయం.

లెక్క వేసి చూద్దాం

మన కుర్రాడి బరువు 70 కిలోలు. రాడ్ 90 కిలోలు. రెండూ కలిపి 160. నడుం మధ్యలో ఉంటే ఒక్కో కాలికి 80 కిలోల వాటా పడాలి. ఎడమకాలు మోయగలిగింది 72 కిలోలే అనుకుందాం. మిగిలిన 8 కిలోలు ఎవరు మోయాలి? కుడికాలే. అంటే కుడికాలికి 88, ఎడమకాలికి 72. రెండింటి మధ్య తేడా 16 కిలోలు. ఒక పిల్లాడిని ఒక పక్క ఎత్తుకున్నట్టే.

అతని రెండు పాదాల మధ్య దూరం, పాదం మధ్య నుంచి పాదం మధ్యకు, 40 సెంటీమీటర్లు. కుడికాలికి 88 కిలోలు పడాలంటే మొత్తం భారం మధ్యగీత నుంచి కుడికి 2 సెంటీమీటర్లు జరిగితే చాలు. రెండంటే రెండే. నడుం అంతకంటే కాస్త ఎక్కువే జరిగినట్టు కనిపించవచ్చు. ఎందుకంటే నడుం జరిగినంతగా పైనున్న రాడ్ జరగకపోవచ్చు. అయినా కొన్ని సెంటీమీటర్ల ఆటే. అద్దంలో చూసుకునేవాడికి అందుకే తెలియదు.

ఇప్పుడు ఇదే లెక్కను తక్కువ బరువుకు వేద్దాం. రాడ్ 60 కిలోలైతే మొత్తం 130. ఒక్కో కాలికి 65. ఎడమకాలి హద్దు 72 కాబట్టి దానికి ఇంకా ఏడు కిలోల వెసులుబాటు ఉంది. నడుం జరగాల్సిన పనే లేదు. 80 కిలోలకు వస్తే మొత్తం 150, ఒక్కో కాలికి 75. హద్దు దాటింది, కానీ మూడు కిలోలే. భారం ఒక సెంటీమీటరు కూడా జరగక్కర్లేదు. కంటికి ఆనదు. 90కి వచ్చేసరికి కనిపించింది. అదే వంద కిలోలు వేస్తే? మొత్తం 170. ఎడమకాలు 72 దగ్గరే ఆగిపోతే కుడికాలు 98 మోయాలి. భారం మూడు సెంటీమీటర్లు జరుగుతుంది.

ఇది కాగితం మీది లెక్క. నిజం ఒళ్లు ఇంత నిక్కచ్చిగా ఉండదు. కాలు పూర్తిగా చేతులెత్తేసే దాకా ఆగకుండా, అంతకు ముందే కొంచెం కొంచెంగా వాటా తగ్గించుకుంటుంది. అయినా ఈ లెక్క ఒక ముఖ్యమైన సంగతి చెబుతోంది. బలం తేడా వల్ల వచ్చే జారుడు ఖాళీ రాడ్‌తో కనిపించదు. బరువు పెరిగే కొద్దీ, సెట్‌లో ఆఖరు రెపిటేషన్లకు వచ్చే కొద్దీ బయటపడుతుంది. అందులోనూ లేచేటప్పుడే, సగం దారిలోని ఆ ఇరుకు చోటే. జిమ్‌లో దాన్ని 'స్టికింగ్ పాయింట్' అంటారు. తొడ కండరాలకూ పిరుదు కండరాలకూ అక్కడ పట్టు తక్కువ, పని ఎక్కువ.

ఇంకో సంగతి కూడా ఈ అంకెల్లోనే దాగుంది. 90 నుంచి 100కి పెంచితే కుడికాలి వాటా 88 నుంచి 98కి పెరిగింది. ఎడమకాలి వాటా 72 దగ్గరే ఉంది. అంటే బరువు పెంచినప్పుడల్లా కుడికాలికే కొత్త పాఠం, ఎడమకాలికి పాత పాఠమే. కండరం తన మీద పడిన భారాన్ని బట్టే బలపడుతుంది. కాబట్టి "చేస్తూ పోతే అదే సర్దుకుంటుంది" అనుకుని బరువు పెంచుకుంటూ పోయేవాడి కాళ్ల మధ్య తేడా తగ్గకపోగా పెరిగే అవకాశం ఉంది.

తేడా ఎక్కడిది?

కుర్రాడిని ఆ జిమ్ కోచ్ అడిగిన మొదటి ప్రశ్న స్క్వాట్ గురించి కాదు. "తమ్మీ, ఎడమ కాలికి ఎన్నడన్న దెబ్బ తగిలిందా?"

తగిలింది. మూడేళ్ల కింద ఊళ్లో కబడ్డీ ఆడుతూ పడ్డాడు. ఎడమ మోకాలు మెలితిరిగింది. లిగమెంట్ సాగిందన్నారు, తెగలేదన్నారు. ఆపరేషన్ అక్కర్లేకుండానే తగ్గింది. నెలన్నర కుంటుతూ నడిచాడు. నొప్పి పోయింది, నడక బాగుపడింది, సంగతి మర్చిపోయాడు.

అతను మర్చిపోయాడు గానీ కాలు మర్చిపోలేదు. మోకాలు వాచినప్పుడు తొడ ముందు భాగంలోని పెద్ద కండరాన్ని మెదడు కావాలనే బిగుతు తగ్గించి ఉంచుతుంది. దెబ్బ తగిలిన కీలును కాపాడుకునే ఏర్పాటు అది. కొన్ని వారాలు పని లేకపోయేసరికి ఆ కండరం సన్నబడుతుంది. నొప్పి తగ్గడం, కండ తిరిగి రావడం ఒకేసారి జరగవు. మామూలు నడకకు కావాల్సిన బలం చాలా తక్కువ కాబట్టి నడకలో లోటు తెలియదు.

కోచ్ టైలర్ టేపు తీసుకుని మోకాలిచిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి కొలిచి, అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి, తొడ చుట్టుకొలత చూశాడు. కుడి 54 సెంటీమీటర్లు, ఎడమ 52. కొలత ఒక్కటే సాక్ష్యం కాదు. టేపు కాస్త వదులైనా సెంటీమీటరు తేడా వస్తుంది, కొవ్వు కూడా కొలతలోకి వస్తుంది. కానీ దెబ్బ తగిలిన వైపే సన్నగా ఉండడం అనుమానాన్ని బలపరిచింది.

మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్ల మీద 2000ల తొలినాళ్లలో అమెరికాలో జరిగిన పరిశోధనలు కూడా ఇదే చెప్పాయి. పాదాల కింద భారాన్ని కొలిచే పలకలు పెట్టి స్క్వాట్ చేయిస్తే, ఆపరేషన్ అయిన కాలి మీద నెలల తరబడి తక్కువ బరువు పడుతూనే ఉంది. అలాగని దెబ్బ తగలనివాళ్లందరి కాళ్లూ సమానమనీ కాదు. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా స్క్వాట్‌లో కుడి ఎడమల మధ్య తేడాలు కనిపించాయి. ముక్కుసూటిగా, అంగుళం కూడా కదలకుండా లేచేవాడు అరుదు. కొద్దిపాటి తేడా రోగం కాదు.

జారిందల్లా బలం తేడా కాదు

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. నడుం కుడికి పోయింది కాబట్టి ఎడమకాలు బలహీనం అని తేల్చేస్తారు. ఆ పొరపాటుకు కోచ్ తావివ్వలేదు. ముందు మిగతా అనుమానాలన్నీ ఒక్కొక్కటే కొట్టేశాడు.

మొదట రాడ్, నేల. రెండు వైపులా ఒకే ప్లేట్లు ఉన్నాయా, రాడ్ మెడకు సరిగ్గా మధ్యలో ఉందా, చేతులు రెండూ రాడ్ మీది గీతలకు సమాన దూరంలో ఉన్నాయా? తర్వాత పాదాలు. నేల మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసి రెండు కాలివేళ్లూ దాన్ని తాకేలా నిలబెట్టాడు. ఒక పాదం రెండు వేళ్ల వెడల్పు ముందుకు ఉన్నా నడుం మెలిపడి పక్కకు జారినట్టే కనిపిస్తుంది. చాలామంది కథ ఈ గీత దగ్గరే ముగిసిపోతుంది.

తర్వాత చీలమండ. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకాలి. తాకగలిగినంత వరకు పాదాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుకుంటూ పోవాలి. ఆఖరికి బొటనవేలికీ గోడకూ మధ్య ఎంత దూరం ఉందో కొలవాలి. పది సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటే మంచిదే. అసలు చూడాల్సింది రెండు వైపులకూ తేడా. ఒకవైపు పన్నెండు వచ్చి రెండోవైపు ఎనిమిది వస్తే, ఆ బిగుసుకున్న చీలమండ వైపు మోకాలు ముందుకు పోలేదు. అప్పుడు నడుం దానికి దూరంగా, రెండోవైపుకు జారుతుంది. ఇది బలం సంగతి కాదు, కీలు వంగే సంగతి. దీని గుర్తు ఏమిటంటే, ఖాళీ రాడ్‌తో కూడా కనిపిస్తుంది. అదీ లేచేటప్పుడు కాదు, దిగేటప్పుడే, అడుగుకు చేరుకుంటుండగా. మన కుర్రాడికి కుడి పదిన్నర, ఎడమ పది వచ్చాయి. అరసెంటీమీటరు లెక్కలోకి రాదు. చీలమండను కొట్టేశారు.

మూడోది తుంటి కీలు. కొందరికి తుంటి గిన్నె, దానిలో కూర్చునే తొడ ఎముక తల రెండు వైపులా ఒకేలా అమరి ఉండవు. ఒకవైపు పాదాన్ని కాస్త బయటికి తిప్పితేనే లోతుగా కూర్చోగలరు. అలాంటివాళ్లను బలవంతంగా సమానంగా నిలబెడితే అడుగున నడుం జారుతుంది. పాదాన్ని కొద్దిగా తిప్పి చూడగానే జారుడు పోతే కారణం ఎముకల అమరికే, దానితో పేచీ పెట్టుకోనక్కర్లేదు. మనవాడికి పాదాలు ఎలా తిప్పినా అడుగున తేడా లేదు. తొంభై దగ్గర లేచేటప్పుడు మాత్రం అదే జారుడు.

మిగిలింది బలం. దాన్ని తేల్చడానికి రెండు కాళ్లనూ విడదీసి పరీక్ష పెట్టాలి. కలిసి పనిచేస్తున్నంత కాలం ఎవరి వాటా ఎంతో బయటపడదు మరి. కోచ్ స్ప్లిట్ స్క్వాట్ చేయించాడు. ఒక పాదం ముందుకు, రెండోది వెనక్కు పెట్టి, రెండు చేతుల్లో పదేసి కిలోల డంబెల్స్ పట్టుకుని, వెనక మోకాలు నేలను తాకీ తాకనట్టు దిగి, ముందుకాలి బలంతో లేవాలి. వెనక కాలితో తోయడం, ముందుకాలి మోకాలు లోపలికి పడటం మొదలైతే అక్కడితో లెక్క ఆపేయాలి. కుడికాలు ముందు పెట్టి 14 సార్లు లేచాడు. అయిదు నిమిషాలు ఆగి ఎడమకాలు ముందు పెడితే 9 దగ్గర ఆగిపోయాడు. రెండు రోజుల తర్వాత ఈసారి ఎడమకాలితో మొదలుపెట్టించాడు కోచ్. అలసట వల్ల వచ్చిన తేడా కాదని తేల్చుకోవడానికి. ఫలితం మారలేదు.

14కు 9 అంటే మూడో వంతు పైగా బలం తక్కువ అని బెంగపడనక్కర్లేదు. ఎన్నిసార్లు లేచాడన్నది వేరు, ఎంత బరువు ఎత్తగలడన్నది వేరు. బరువు కొద్దిగా పెరిగినా రెపిటేషన్లు గబగబా పడిపోతాయి. అయిదు రెపిటేషన్ల తేడా వెనక బలంలో తేడా సుమారుగా పదో వంతు ఉంటుంది. పది, పదిహేను శాతం లోపు తేడాను సర్దుకోగలిగినదిగా ఫిజియోథెరపిస్టులు లెక్క వేస్తుంటారు. అదీ రాతిమీద గీత కాదు, ఒక అంచనా.

ఎడమకాలికి ట్యూషన్

చికిత్స అనుకున్నంత కష్టం కాదు. అయితే కుర్రాడికి నచ్చనిది ఒకటుంది: బరువు తగ్గించడం. తొంభై నుంచి 65కు దిగమన్నాడు కోచ్. జిమ్‌లో అందరి ముందూ ప్లేట్లు తీసేయడం అంత తేలిక కాదు మరి. "ఎడమ కాలు చేయగలిగేంతనే స్క్వాట్ అనుకో తమ్మీ, మిగతాది కుడి కాలు చేసే మోసం" అన్నాడట ఆయన.

వారానికి రెండు రోజులు. ముందుగా 65 కిలోలతో స్క్వాట్, ఆరేసి చొప్పున మూడు సెట్లు. మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగడం, అడుగున ఒక క్షణం ఆగడం, తర్వాత లేవడం. అలా ఆగినప్పుడు రెండు మడమల కిందా నేల సమానంగా తగులుతోందా అని గమనించుకోవాలి. వేగంగా దిగి అడుగు నుంచి ఎగిరి లేచేవాడికి జారుడు తెలియదు. ఆగి లేచేవాడికి తెలుస్తుంది.

ఆ తర్వాత ఒంటికాలి పని. స్ప్లిట్ స్క్వాట్ మూడు సెట్లు. ప్రతి సెట్టూ ఎడమకాలితోనే మొదలు. ఎడమకాలు ఎనిమిది చేస్తే కుడికాలూ ఎనిమిదే చేయాలి. ఇంకో ఆరు చేసే సత్తా ఉన్నా ఆగిపోవాలి. చివర్లో ఎడమకాలికి మాత్రమే ఒక సెట్టు అదనం. మరో రోజు మోకాలెత్తు పెట్టె మీదికి ఒంటికాలితో ఎక్కడం, అదే పద్ధతిలో. కుడికాలు ఉన్న బలం నిలబెట్టుకుంటే చాలు. ఎడమకాలు దాన్ని అందుకోవాలి.

"తిన్నగా లే, తిన్నగా లే" అని వెనక నుంచి అరవడం మాత్రం కోచ్ మాన్పించాడు. కారణం సబబైనదే. ఎడమకాలికి శక్తి లేక నడుం జారుతుంటే, నడుమును బలవంతంగా మధ్యలో పట్టి ఉంచితే బరువు పైకి లేవదు. లేదంటే ఒళ్లు మరోచోట మెలిపడుతుంది. జారుడు లక్షణం మాత్రమే. జ్వరం వచ్చినవాడిని "వేడెక్కకు" అంటే తగ్గుతుందా?

ఎనిమిది వారాలయ్యాక అదే డంబెల్స్‌తో అదే పరీక్ష. కుడి 14, ఎడమ 12. అప్పుడు మెల్లగా బరువు పెంచారు, వారానికి అయిదేసి కిలోలు. తొంభై దగ్గర వీడియో తీస్తే నడుం మధ్యలోనే ఉంది. వంద వేస్తే నాలుగో రెపిటేషన్‌లో మళ్లీ కాస్త కుడికి. ముందరి లెక్కే ఇక్కడా పనికొస్తుంది. ఎడమకాలి హద్దు 72 నుంచి 80కి పెరిగింది అనుకోండి. తొంభై కిలోల రాడ్‌కు ఒక్కో కాలికి పడేది సరిగ్గా 80. సరిపోయింది. వందకు ఒక్కో కాలికి 85 కావాలి. ఇంకా అయిదు తక్కువ. కాబట్టి వంద కిలోలు ప్రస్తుతానికి వాయిదా.

ఎంతవరకు భయపడాలి?

నడుం జారితే నడుం విరిగిపోతుందని భయపెట్టేవాళ్లున్నారు. హిప్ షిఫ్ట్ వల్లే గాయాలవుతాయని గట్టిగా తేల్చిన సాక్ష్యం లేదు. ఏళ్ల తరబడి కాస్త పక్కకు జారుతూనే పెద్ద బరువులు ఎత్తిన లిఫ్టర్లూ ఉన్నారు. మన కుర్రాడి నడుం కుడిపక్క పట్టేయడం ఈ ఎనిమిది వారాల్లో తగ్గింది. అది జారుడు తగ్గినందుకో, బరువు తగ్గించినందుకో చెప్పడం కష్టం. రెండూ ఒకేసారి జరిగాయి మరి.

కానీ కొన్ని గుర్తులు కనిపిస్తే జిమ్‌లో వెతుక్కోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. నడుం నుంచి కాలి కిందికి పాకే నొప్పి, తిమ్మిరి. దెబ్బేమీ తగలకుండానే ఒక తొడ సన్నబడుతూ పోవడం. నడుస్తుంటే మోకాలు ఉన్నట్టుండి జారిపోయినట్టు అనిపించడం. తుంటి లోతుల్లో గుచ్చినట్టు నొప్పి. ఇవి కండరం బద్ధకం కాకపోవచ్చు, నరానిదో కీలుదో కావచ్చు. ఆపరేషన్ అయిన మోకాలితో స్క్వాట్ మొదలుపెట్టేవాళ్లు ఫిజియోథెరపిస్టు సలహా లేకుండా రాడ్ కిందికి వెళ్లకూడదు.

కిందటి వారం మళ్లీ ఆ జిమ్‌కి వెళ్తే కుర్రాడు ఇంటికి బయల్దేరుతూ కనిపించాడు. మెట్ల దగ్గర ఆగి షూ లేసులు కట్టుకోవడానికి ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఏ కాలి మీదో తనే చూసుకుని నవ్వాడు. కుడికాలు.

"ఇగో, ఇదీ మోసమే" అంటూ కాలు మార్చాడు.

(బాక్స్) మీ నడుం ఎటు పోతోంది?

* సెల్‌ఫోన్‌ను మీ వెనక, రెండు మూడు మీటర్ల దూరంలో, నడుం ఎత్తులో పెట్టండి. సరిగ్గా మధ్యలో ఉండాలి. ఫోన్ ఒక పక్కకు ఉంటే లేని జారుడు కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

* నడుం వెనక, ప్యాంటు పట్టీ మధ్యలో చిన్న తెల్లటి టేపు ముక్క అతికించండి. అది పక్కకు కదులుతోందా అన్నదే చూడాలి. వదులు ప్యాంటుతో లాభం లేదు.

* ఖాళీ రాడ్‌తో ఒకసారి, మామూలుగా చేసే బరువుతో ఒకసారి, అయిదుసార్లు కష్టంగా లేవగలిగే బరువుతో ఒకసారి వీడియో తీయండి. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

* ఖాళీ రాడ్‌తోనే, దిగేటప్పుడే జారితే ముందు పాదాల అమరిక, చీలమండ, తుంటి చూసుకోండి. పెద్ద బరువుతో, లేచేటప్పుడే జారితే ఒంటికాలి పరీక్ష పెట్టుకోండి.

* ఒక్కరోజు వీడియో చూసి తీర్పు చెప్పొద్దు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు తీయండి. ప్రతిసారీ ఒకే వైపు జారితేనే లెక్క. ఒకరోజు కుడికి, ఒకరోజు ఎడమకు పోతే అది బలం తేడా కాదు, బరువు మీకు ఎక్కువైందని అర్థం.